ఆగి ఉన్న బస్సు పక్కనుంచి వెళ్లేటప్పుడు

ముందు వెళ్తున్న బస్సు స్టాపులో ఆగింది. మీరు కారులో వెనకాలే ఉన్నారు. పక్క లేన్ ఖాళీగా ఉంది. మన రోడ్ల మీదైతే ఒక హారన్ కొట్టి కుడివైపునుంచి దాటేస్తాం. జర్మనీలో స్థిరపడిన మనవాళ్లు ఎందరో ఇదే అలవాటుతో అక్కడి డ్రైవింగ్ పరీక్షకు వెళ్తున్నారు. మన లైసెన్స్ అక్కడ నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతుంది. ఆ తర్వాత రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ రాసి నెగ్గాల్సిందే. ఆ పుస్తకంలో చాలామంది తడబడే చోటు ఈ బస్సు స్టాపే. కారణం సులువుగానే తెలుస్తుంది. ఆగిన బస్సు గురించి ఇంత విడివిడిగా, ఇంత పట్టుదలగా రాసిన నియమం మనలో చాలామంది అంతకుముందు చదివి ఉండరు.

జర్మనీ రోడ్డు నిబంధనల్లో 20వ సెక్షన్ మొత్తం ఈ విషయానికే కేటాయించారు. అది బస్సు స్టాపును మూడు ఘట్టాలుగా చూస్తుంది. బస్సు స్టాపుకు వస్తున్నప్పుడు, నిలబడి ఉన్నప్పుడు, బయలుదేరుతున్నప్పుడు. ఇప్పుడు నడుస్తున్నది ఏ ఘట్టమో కారు నడిపేవారికి చెప్పేవి బస్సు వెనకాల ఉన్న లైట్లే.

మొదటి ఘట్టం. బస్సు స్టాపు దగ్గరికి వస్తూ నాలుగు ఇండికేటర్లనూ ఒకేసారి మినుకుమనిపిస్తోంది, అంటే హజార్డ్ లైట్లు వేసింది. అప్పటినుంచి దాన్ని ఓవర్‌టేక్ చేయడం నిషిద్ధం. ఎదురుగా రోడ్డంతా ఖాళీగా ఉన్నా సరే, బస్సు నెమ్మదిగా పోతోందని విసుగొచ్చినా సరే, వెనకాలే ఉండాలి. ఇది ప్రజా రవాణా బస్సులకూ, స్కూలు బస్సులకూ వర్తిస్తుంది.

రెండో ఘట్టం అసలు విషయం. బస్సు ఆగింది, హజార్డ్ లైట్లు ఇంకా వెలుగుతున్నాయి. ఇప్పుడు పక్కనుంచి వెళ్లొచ్చు, కానీ నడక వేగంతో మాత్రమే. నడక వేగం అంటే ఎంత అన్నది చట్టంలో అంకెగా రాయలేదు. గంటకు నాలుగు నుంచి ఏడు కిలోమీటర్లు అన్నదే ఎక్కువమంది అంగీకరించే లెక్క. కారు స్పీడోమీటరు ముల్లు అంత కింద సరిగా చూపించదు కాబట్టి, మొదటి గేరులో దాదాపు యాక్సిలరేటరు తొక్కకుండా పోవడమే దారి. పక్కన నడిచే మనిషికన్నా ముందుకు పోకూడదన్నమాట. వేగం ఒక్కటే చాలదు. ప్రయాణికులకు ప్రమాదం కలిగే అవకాశమే లేనంత ఎడం వదలాలి, వాళ్ల నడకకు అడ్డు కూడా రాకూడదు. అవసరమైతే ఆగి ఎదురుచూడాలి.

తెలుగువాళ్లను ఎక్కువ ఆశ్చర్యపరిచేది దీని తర్వాతి వాక్యం. అదే రోడ్డు మీద ఎదురుగా వచ్చే వాహనాలు కూడా నడక వేగానికి దిగాలి. బస్సు అవతలి పక్క ఆగింది, నా లేన్‌కు దానితో సంబంధం లేదు అనుకుంటే తప్పు. మధ్యలో గట్టు లాంటి విభజన ఉండి, ఎదురు రాకపోకల రోడ్డు వేరుగా ఉంటేనే ఎదురొచ్చేవారికి ఈ బాధ్యత ఉండదు.

ఎందుకింత కఠినంగా రాశారో తెలియాలంటే ఒక పిల్లవాడి అడుగులు లెక్కగట్టి చూడాలి. పన్నెండు మీటర్ల బస్సు. తొమ్మిదేళ్ల పిల్లాడు దిగాడు, ఇల్లు రోడ్డుకు అవతల ఉంది. జర్మనీలో రాకపోకలు కుడివైపునుంచి కాబట్టి బస్సు తలుపులు కుడిపక్కన ఉంటాయి, వాడు దిగింది కుడివైపు కాలిబాట మీదకు. అక్కడినుంచి బస్సు ముందునుంచి గానీ వెనకనుంచి గానీ రోడ్డు దాటుతాడు.

ముందునుంచి దాటాడనుకుందాం. మీరు బస్సు వెనకనుంచి వచ్చి, ఎడమవైపునుంచి రెండు మీటర్ల ఎడంతో దాన్ని దాటుతున్నారు. బస్సు ముఖం మూలను దాటి బయటికి వచ్చేదాకా ఆ పిల్లాడు మీకు కనపడడు. కనపడ్డాక మీ కారు దారిలోకి రావడానికి వాడు నడవాల్సింది ఆ రెండు మీటర్లే. పరుగెత్తితే మూడింట రెండు వంతుల సెకను పడుతుంది. డ్రైవరుకు ప్రమాదం గుర్తించి బ్రేకు తొక్కడానికే దాదాపు ఒక సెకను కావాలి. అంటే వాడు కారు ముందుకు వచ్చేసరికి కాలు ఇంకా బ్రేకు మీదకే రాదు.

ఇప్పుడు వేగాలు కలిపి చూద్దాం. జర్మనీ డ్రైవింగ్ స్కూళ్లలో ఒక సులువైన లెక్క నేర్పుతారు. వేగాన్ని పదితో భాగించి మూడుతో గుణిస్తే బ్రేకు తొక్కేలోపు కారు వెళ్లే దూరం మీటర్లలో వస్తుంది. ఆ భాగించిన అంకెను దానితోనే గుణించి సగం చేస్తే, గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఆగడానికి పట్టే దూరం వస్తుంది. యాభై కిలోమీటర్ల వేగంతో అయితే పదిహేను మీటర్లూ, ఇంకో పన్నెండున్నర మీటర్లూ, మొత్తం ఇరవై ఏడు మీటర్లకు పైనే. ముప్ఫైతో అయితే పదమూడున్నర మీటర్లు. ఏడు కిలోమీటర్లతో వెళ్తే రెండున్నర మీటర్ల లోపే. బస్సు మూలనుంచి హఠాత్తుగా వచ్చే పిల్లాడి విషయంలో ముప్ఫై కూడా పెద్ద వేగమేనని ఈ లెక్క చెబుతుంది. యాభైనుంచి ముప్ఫైకి తగ్గించి 'జాగ్రత్తగానే వెళ్లాను' అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. చట్టం ఆ అంచనాను డ్రైవరుకు వదల్లేదు, కనిపించని చోట నడక వేగమే అని తేల్చేసింది. నా దృష్టిలో ఈ సెక్షన్‌లో ఉన్న గొప్ప మాట ఇదే.

ఇక వాడు బస్సు వెనకనుంచి దాటితే ఏమవుతుందో చూడండి. వెనకనుంచి వచ్చే మీకు వాడు ముందే కనిపిస్తాడు. ఎదురుగా వచ్చే కారుకు మాత్రం బస్సు మొత్తం తెరలా అడ్డుపడుతుంది. బస్సు వెనకమూల దాటి బయటికి అడుగు పెట్టాడంటే వాడు ఎదురు లేన్ అంచున ఉన్నట్టే. ఒకే బస్సు రెండు దిక్కుల డ్రైవర్లకూ రెండు వేర్వేరు మూలల్ని దాచిపెడుతుంది. అందుకే నియమం ఇద్దరికీ ఒకటే. ఎదురొచ్చేవారికి మరో ముప్పు కూడా ఉంది, అది తమ పక్క కాలిబాట మీదే ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన పిల్లలు బస్సు వెళ్లిపోతుందేమోనని రోడ్డుకడ్డంగా పరుగెత్తేది అక్కడినుంచే. అప్పుడు వాళ్ల కళ్లు బస్సు మీదే ఉంటాయి, కార్ల మీద ఉండవు.

హజార్డ్ లైట్లు ప్రతి స్టాపులోనూ వేయరు. ఎక్కడ వేయాలో అక్కడి రవాణా అధికారులు స్టాపు స్టాపుకూ విడిగా నిర్ణయిస్తారు. ఆ స్టాపుల్లో డ్రైవరు దగ్గరికి వస్తున్నప్పుడు మొదలుపెట్టి, ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు పూర్తయ్యేదాకా వేసే ఉంచాలి. అన్నిచోట్లా వేస్తే జనం పట్టించుకోవడం మానేస్తారు కదా. కానీ దీన్నుంచే ఒక అపోహ కూడా పుట్టింది, లైట్లు వేయని బస్సును ఎలాగైనా దాటొచ్చని. అది నిజం కాదు. లైట్లు లేకుండా ఆగిన బస్సు పక్కనుంచి కూడా జాగ్రత్తగానే వెళ్లాలి, ఎదురొచ్చేవారు కూడా అంతే. అక్కడ వేగం అంకె చెప్పలేదు, అయితే పిల్లలు దిగుతూ కనిపిస్తే నడక వేగం తప్ప సమర్థించుకోదగ్గది ఏదీ ఉండదు. ట్రామ్ విషయంలో మరో సంగతి ఉంది. ట్రామ్ చాలాచోట్ల రోడ్డు మధ్యలో ఆగుతుంది, ప్రయాణికులు నేరుగా వాహనాల దారిలోకి దిగుతారు. అప్పుడు లైట్లతో పని లేదు. జనం ఎక్కుతూ దిగుతూ ఉంటే కుడివైపునుంచి నడక వేగంతోనే వెళ్లాలి, లేదా ఆగాలి. సైకిలు తొక్కేవారికి కూడా ఇది వర్తిస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇదంతా కొంచెం మెత్తగా అనిపించవచ్చు. అక్కడ స్కూలు బస్సు ఎర్ర లైట్లు మినుకుమనిపిస్తే దాటడం ఏ రాష్ట్రంలోనైనా నేరం, పూర్తిగా ఆగాల్సిందే. అక్కడి నియమం స్కూలు బస్సును కాపాడుతుంది. జర్మనీ నియమం నలుగురూ ఎక్కే మామూలు బస్సును కూడా అందులోకి తెచ్చింది. అక్కడి పిల్లలు చాలామంది బడికి వెళ్లేది ఆ బస్సులోనే మరి.

మూడో ఘట్టం బయలుదేరడం. హజార్డ్ లైట్లు ఆగిపోయి ఎడమ ఇండికేటరు ఒక్కటే మొదలైందంటే బస్సు రోడ్డు మీదకు వస్తోందని అర్థం. పసుపు గుండ్రంలో ఆకుపచ్చ 'హెచ్' అక్షరం ఉన్న బోర్డుతో గుర్తించిన స్టాపునుంచి బస్సు బయలుదేరుతుంటే మిగతావాళ్లు దారి ఇవ్వాలి, అవసరమైతే ఆగాలి. స్టాపు రోడ్డు పక్కకు లోపలికి ఉన్నచోట ఈ నియమం లేకపోతే, రద్దీ వేళ డెబ్బై మంది ఉన్న బస్సు ఒక్కో మనిషితో పోయే కార్ల వరుస అయిపోయేదాకా అలాగే ఉండిపోతుంది.

అయితే ఇండికేటరు వేయడంతోనే రోడ్డు బస్సుది అయిపోదు. ముందుగానే ఇండికేటరు వేసి, అద్దంలో చూసి, వెనక వచ్చేవాళ్లు దాన్ని గమనించి ఇబ్బంది లేకుండా ఆగగలరని తెలిశాకే బస్సు డ్రైవరు కదలాలి. బ్రేకు మామూలుగా తొక్కి ఆగగలిగే దూరంలో ఉన్న కారు ఆగాల్సిందే. అప్పటికే బస్సు పక్కకు వచ్చేసిన కారును గట్టి బ్రేకు తొక్కే పరిస్థితిలో పెట్టే హక్కు బస్సు డ్రైవరుకు లేదు. ఢీకొంటే ఇద్దరి బాధ్యతనూ తూచి చూస్తారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బస్సు వెనక ఇంకో వాహనం నిలబడి కుడివైపు లైటును కప్పేస్తే మీకు ఎడమ లైటు ఒక్కటే కనిపిస్తుంది. అది హజార్డ్ లైటా, బయలుదేరే సంకేతమా అన్నది తెలియదు. రెండింటిలో ఏదైనా మీరు చేయాల్సిందొకటే, పక్కనుంచి దూరకుండా వేగం తగ్గించి వెనక ఉండడం.

మన దగ్గర రాకపోకలు ఎడమవైపు కాబట్టి ఈ బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది, ప్రమాదం మాత్రం అదే. ఆర్టీసీ బస్సు దిగినవాళ్లు ఎడమపక్క దిగి, దాని ముందునుంచే రోడ్డు దాటుతారు. బస్సు డ్రైవరు ఎత్తులో కూర్చుంటాడు కాబట్టి ముందు అద్దం కిందికి ఆనుకుని నడిచే చిన్నపిల్లలు ఆయనకే కనపడరు, ఇక కుడివైపునుంచి ఓవర్‌టేక్ చేసే బైకుకు ఎలా కనపడతారు? జర్మనీ బళ్లలో పిల్లలకు నేర్పేది బస్సు ముందునుంచీ వద్దు, వెనకనుంచీ వద్దు, అది వెళ్లిపోయేదాకా కాలిబాట మీదే నిలబడమని. బస్సు కదిలిన వెంటనే దాని వెనక ఉన్న కార్లు వేగం అందుకుంటాయి కాబట్టి అది కాస్త దూరం పోయి, రెండు వైపులా రోడ్డు కనపడ్డాకే దాటాలని కూడా చెబుతారు. ఆ కాసేపూ వెనక ఉన్న డ్రైవరు యాక్సిలరేటరు మీద కాలు పెట్టే ముందు కాలిబాట వైపు ఒకసారి చూడాలి.