చుక్కల మందు చాలనప్పుడు: రెండు కళ్లు, రెండు దారులు

మూడు రకాల చుక్కలు వేస్తున్నా గ్లాకోమా కంటిలో ప్రెషర్ దిగిరాకపోతే డాక్టరు నోట లేజర్, ఆపరేషన్, స్టెంట్ అనే మాటలు వినిపిస్తాయి. ఇంట్లోవాళ్లు వెంటనే అడిగేది ఒకటే: "కోత లేకుండా అయ్యేది ఏదైనా ఉందా?" భయం కొద్దీ అడిగే మాటే, తప్పుపట్టలేం. కానీ అంతకంటే ముందు అడగాల్సింది వేరే ఉంది. ఈ కంటికి ప్రెషర్ ఎంతకు దిగాలి?

ఒక రిటైర్డ్ మాస్టారిని ఊహించుకుందాం. వయసు 63. మూడు రకాల చుక్కలు వేస్తున్నా కుడికంటి ప్రెషర్ 22, ఎడమకంటిది 20. విజువల్ ఫీల్డ్ పరీక్షలో కుడికంటి చూపు పరిధి చాలావరకు పోయింది. మచ్చ సరిగ్గా నడిమి చూపు దాకా వచ్చి ఆగింది. ఎడమకంటి నరం ఇంకా చాలావరకు బాగానే ఉంది. మామూలు ప్రెషర్ 10 నుంచి 21 దాకా అని చెబుతారు కనుక 22 అంటే గీత కాస్తే దాటినట్టు కనిపిస్తుంది. అయితే నరం అంతగా దెబ్బతిన్న కంటికి ఆ గీత పనికిరాదు. కుడికంటికి 12 దరిదాపుల్లో ఉండాలని, ఎడమకంటికి 16 చాలని డాక్టరు లెక్క కడతారు. మనిషి ఒకరే అయినా వైద్యం రెండు కళ్లకూ ఒకటి కాదు.

కంటి ముందు భాగంలో పల్చటి నీరు ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. అది నల్లగుడ్డు అంచున ఉండే జల్లెడలాంటి కణజాలంలోంచి వడిసి, ష్లెమ్ కాలువ అనే సన్నని దారిలో పడి, అక్కడి నుంచి రక్తనాళాల్లో కలుస్తుంది. మాస్టారికి ఉన్న ఓపెన్ యాంగిల్ రకంలో ఆ జల్లెడ దగ్గరే నీటికి అడ్డు పడుతుంది.

ఎడమకంటికి ఎస్‌ఎల్‌టీ అనే లేజర్ సరిపోవచ్చు. కంటికి మత్తు చుక్క వేసి, ఒక అద్దం ఆనించి, ఆ జల్లెడ చుట్టూ దాదాపు వంద చోట్ల ఆకుపచ్చ కాంతిని తాకిస్తారు. పది నిమిషాల పని. అయ్యాక కొద్ది గంటల్లో ప్రెషర్ ఒక్కసారిగా ఎగసే అవకాశం ఉంది కాబట్టి కాసేపు కూర్చోబెట్టి మళ్లీ కొలిచి పంపిస్తారు. ఫలితం మాత్రం అప్పటికప్పుడు కనిపించదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. 20 నుంచి 30 శాతం దాకా తగ్గవచ్చు. ఇప్పటికే చుక్కలు వాడుతున్న కంట్లో అంతకంటే తక్కువే తగ్గవచ్చు. కొన్నేళ్లకు పట్టు సడలితే మళ్లీ చేయవచ్చు. బ్రిటన్‌లో జరిపిన లైట్ అనే అధ్యయనం 2019లో వెలువడింది. అందులో మొదటి నుంచీ లేజర్‌తోనే వైద్యం మొదలుపెట్టినవారిలో 74 శాతం మందికి మూడేళ్లయినా చుక్కల అవసరం రాలేదు.

అయితే లేజర్ అంటే ఒకటే అనుకోకూడదు. యాంగిల్ మూసుకుపోయే రకం గ్లాకోమాలో కనుపాప చుట్టూ ఉండే రంగు పొరకు చిన్న రంధ్రం పెట్టే లేజర్ చేస్తారు. దాని పని వేరు, దీని పని వేరు. పక్కింటివాళ్లకు చేసింది మనకూ చేస్తారని లేదు.

ఇక కుడికన్ను. 22 నుంచి 20 శాతం తగ్గినా 17, 18 దగ్గరే ఆగుతుంది, 12కు రాదు. ఇక్కడ స్టెంట్ గురించి చాలామంది ఆశ పెట్టుకుంటారు. అమెరికాలో 2012లో అనుమతి పొందిన ఐస్టెంట్ టైటానియంతో చేసిన, ఒక మిల్లీమీటరు పొడవుండే గొట్టం. శుక్లం ఆపరేషన్ చేస్తున్నప్పుడే, అదే కోతలోంచి లోపలికి పోనిచ్చి జల్లెడను దాటి ష్లెమ్ కాలువలో నిలబెడతారు. ఎనిమిది మిల్లీమీటర్ల హైడ్రస్ కూడా అదే కాలువలో కూర్చుంటుంది. కోత చిన్నది, ముప్పు తక్కువ, కోలుకోవడం తేలిక. చిక్కల్లా నీరు చివరికి చేరే చోటులో ఉంది. ఆ కాలువ నీరు కలిసే సిరల్లోనే 8 నుంచి 10 దాకా ప్రెషర్ ఉంటుంది. కాబట్టి ఈ దారిన కంటి ప్రెషర్ అంతకంటే కిందికి దిగదు. ఆచరణలో 15, 16 దగ్గర నిలుస్తుంది. శుక్లం ముదిరాక మాస్టారి ఎడమకంటికి ఈ స్టెంట్‌ను ఆలోచించవచ్చు. కుడికంటికి చాలదు.

చిన్న పరికరమైనంత మాత్రాన ప్రమాదం ఉండదనుకోవడమూ పొరపాటే. సైపాస్ అనే స్టెంట్‌కు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఐదేళ్ల పాటు రోగులను గమనిస్తే, నల్లగుడ్డు లోపలి పొరలోని కణాలు ఎక్కువగా నశిస్తున్నాయని తేలింది. 2018 ఆగస్టులో తయారీదారే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నాడు.

మాస్టారి కుడికంటికి మిగిలింది ట్రాబెక్యులెక్టమీ. 1968లో కేంబ్రిడ్జ్ వైద్యుడు కెయిర్న్స్ వివరించిన పద్ధతి. ఇప్పటికీ బాగా కిందికి దించాలంటే ముందు దీని పేరే వస్తుంది. పై రెప్ప చాటున పైపొరను తెరిచి, తెల్లగుడ్డులో సగం మందం మేర చిన్న మూతలా కోసి ఎత్తుతారు. దాని కింద రంధ్రం పెట్టి, మూతను మళ్లీ దించి కుట్టేస్తారు. మూత అంచుల్లోంచి నీరు కొద్దికొద్దిగా ఊరి పైపొర కిందికి చేరి చిన్న పొక్కులా లేస్తుంది. దాన్ని బ్లెబ్ అంటారు. రెప్ప చాటున ఉంటుంది గనుక ఎదుటివారికి కనిపించదు.

ఈ ఆపరేషన్‌కు శత్రువు గాయం మానడమే. ఏ గాయమైనా త్వరగా మానాలని కోరుకుంటాం, ఇక్కడ మాత్రం మానితే దారి మూసుకుపోతుంది. అందుకే మైటోమైసిన్-సి అనే క్యాన్సర్ మందును స్పాంజితో రెండు మూడు నిమిషాలు అద్ది కడిగేస్తారు. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. మొదటి నెలంతా తరచుగా ఆసుపత్రికి తిరగాలి, స్టెరాయిడ్ చుక్కలు వదలకుండా వేసుకోవాలి. ప్రెషర్ ఎక్కువుంటే మూతకు వేసిన కుట్టును లేజర్‌తో తెంపి నీటికి దారి పెంచుతారు. 5 కంటే కిందికి జారితే రెటీనా ముడతలు పడి చూపు మసకబారవచ్చు. బ్లెబ్ కారుతోందని అనుమానం వస్తే కంటికి రంగు పట్టీ తాకించి నీలి కాంతిలో చూస్తారు. కారుతున్న చోట రంగును చీల్చుకుంటూ నీటి ధార కనిపిస్తుంది. శుక్లం త్వరగా ముదరడం ఈ ఆపరేషన్‌తో వచ్చే మరో ఇబ్బంది.

ఇంత శ్రమకు ఫలితం ఎంత? బాగా ముదిరిన గ్లాకోమాతో కొత్తగా వచ్చిన 453 మందిని బ్రిటన్‌లో రెండు జట్లు చేసి పరిశీలించారు. రెండేళ్లకు ఆపరేషన్ జట్టు సగటు ప్రెషర్ 12.4, చుక్కల జట్టుది 15.1. మాస్టారి కుడికంటికి కావలసింది సరిగ్గా ఆ మొదటి అంకె.

అందరికీ ఇది నిలవదు. బ్లెబ్ మచ్చకట్టి మూసుకుపోతే సూదితో ఆ మచ్చను విడదీస్తారు. అదీ కుదరకపోతే గొట్టం, పలక కలిసిన ట్యూబ్ ఇంప్లాంట్ పెడతారు. మదురైలోని ఆరోల్యాబ్ తయారుచేసే ఇంప్లాంట్ విదేశీ వాటికంటే చాలా చవక కావడంతో ఆ దారి మన రోగులకు అందుబాటులోకి వచ్చింది.

వీటిలో ఏదీ పోయిన చూపును తిరిగి తేదు, ఉన్నదాన్ని కాపాడుతుంది. ట్రాబెక్యులెక్టమీ చేయించుకున్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బ్లెబ్ పైపొర పల్చనిది, ఎన్నేళ్ల తర్వాతైనా దానిలోంచి క్రిములు లోపలికి చొరబడవచ్చు. ఆ కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే, లేదా చూపు మసకబారితే మందుల షాపులో చుక్కలు కొనుక్కుని ఊరుకోవద్దు. ఆపరేషన్ అయి పదేళ్లు గడిచినా సరే, తెల్లారేదాకా ఆగకుండా అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లాలి.