దర్గాకు తొలిసారి వెళ్ళేవారికి

శంషాబాదు దాటి బెంగళూరు రహదారిపై సాగితే కొత్తూరు మండలంలో ఇన్ముల్‌నర్వ గ్రామం ఉన్నది. అక్కడి జహంగీర్ పీర్ దర్గాకు ముస్లిములే కాక హిందువులు కూడా మొక్కులతో వెళుతుంటారు. జనవాడుకలో అది జేపీ దర్గా. మన భక్తులలో కొందరు ముస్లిం మిత్రుల కందూరుకు పిలుపు అందుకొని, అక్కడ ఏ విధంగా మెలగవలెనని నన్ను అడుగుచుందురు. వారికి భక్తి కొరవడలేదు. భక్తిని వ్యక్తపరచే అలవాట్లు అక్కడ వేరు కావడమే చిక్కు.

మొదటి తేడా తల విషయంలోనే ఉన్నది. మన ఆలయంలో పురుషులు తలపై వస్త్రం తీసి దర్శనం చేసుకుంటారు. దర్గాలో తల కప్పుకొనడమే మర్యాద. అందుకు టోపీయే అక్కరలేదు, శుభ్రమైన చేతిరుమాలు చాలును. అయితే అది చిన్నదైతే వంగినపుడు జారిపోవును గనుక వెనుక ముడి వేసుకొనవలెను. స్త్రీలకు చీర కొంగు గాని నూలు చున్నీ గాని సరిపోవును. మోకాళ్ళు, భుజాలు కనబడే దుస్తులు తగవు. బొట్టు తీయనవసరం లేదు. పాదరక్షలు బయటనే విడువవలెను.

రెండవది నమస్కార విధానం. ఒకమారు మాతో వచ్చిన పెద్దాయన సమాధి ఎదుట సాష్టాంగపడబోగా, అక్కడి ముజావరు భుజం పట్టి మెల్లగా లేవనెత్తినాడు. పెద్దాయన మనసు నొచ్చుకున్నది. కాని అది తిరస్కారం కాదు. ఇస్లాంలో సాష్టాంగ ప్రణామం, అనగా సజ్దా, దేవునికి మాత్రమే చెందినది. సమాధిలో ఉన్న మహనీయుడు దేవునికి ప్రియమైనవాడే గాని దేవుడు కాడు. ప్రదక్షిణం కూడా వారికి మక్కాలోని కాబా చుట్టూ మాత్రమే విహితం. కొందరు సమాధిపై వస్త్రాన్ని ముద్దాడుట కనబడవచ్చును, దానిని అనుకరింపనక్కరలేదు. చేతులు జోడించి నిలుచుండి మనసులో ప్రార్థించుకొని, వెన్ను చూపక నాలుగడుగులు వెనుకకు వేసి బయటకు రావలెను. ఇది మనకు కొత్త కాదు గదా!

పూలు, చాదరు స్వయంగా సమాధిపై పరచక ముజావరుకు అందించవలెను. ఆయన ఫాతిహా చదివి అరచేతులతో ముఖం తడుముకొనే వరకు మౌనంగా ఉండవలెను. స్త్రీలు లోపలి గదిలోనికి వెళ్ళుట కొన్ని దర్గాలలో ఆచారం కాదు. గనుక ఏ దర్గాకు వెళ్ళినా గుమ్మం వద్దనే అడుగుట మేలు. నమాజు చేయుచున్నవారి ఎదుటనుండి నడువరాదు. కొంచెం ఆగి గాని వెనుకనుండి చుట్టి గాని పోవలెను.

కందూరు అనగా మొక్కుకున్న మేకనో పొట్టేలునో కోసి పెట్టే విందు. శాకాహారులు ఆ సంగతి విస్తరి ముందు కాక, పిలుపు అందిననాడే మిత్రునికి చెప్పవలెను. అప్పుడు ఆయన వేరే పాత్రలో వండించగలుగును. ఫాతిహా చదివిన చక్కెర ఇచ్చినచో కుడిచేత అందుకొనవచ్చును.