సొరుగులో సెల్ ఎంత తరుగుతుంది?

ఆల్కలైన్ సెల్ మీద అచ్చేసిన నెల, సంవత్సరం ఆ సెల్ చచ్చిపోయే తేదీ కాదు. మామూలు గది ఉష్ణోగ్రతలో వాడకుండా ఉంచితే, అంతవరకూ ఇది చెప్పుకోదగ్గ శక్తితో పనిచేస్తుందని తయారీదారు ఇచ్చే హామీకి గడువు అది. పాలప్యాకెట్టు మీది తేదీకి అలవాటుపడిన కళ్లు దీన్నీ అలాగే చదువుతాయి. మొన్నటితో గడువు దాటిన సెల్లును చెత్తబుట్టలో వేస్తాయి, గడువుకు ఇంకా నాలుగేళ్లుందని తెల్లటి పొడి పట్టిన సెల్లును రిమోట్‌లో వేస్తాయి. రెండూ పొరపాట్లే. రెండోది మరీ ఖరీదైన పొరపాటు.

గోడగడియారాలకీ రిమోట్లకీ వేసే ‘పెన్సిల్ సెల్’నే తీసుకుందాం. దాని ఒంటి మీద ఎల్‌ఆర్6 అని ఉంటే అది ఆల్కలైన్. ముందు ‘ఎల్’ లేకుండా ఉత్త ఆర్6 అని ఉంటే పాత రకం జింక్-కార్బన్ సెల్. మన కిరాణా కొట్లలో తక్కువ ధరకు దొరికేవి చాలావరకు ఈ రెండో రకానివి. వాటి నిల్వకాలం రెండు మూడేళ్లు. ఇప్పటి మంచి పెన్సిల్ ఆల్కలైన్ సెల్లుకు పదేళ్ల గడువు ఇస్తున్నారు. రెండు రకాల్నీ ఒకే సొరుగులో కలిపేసి, ‘ఆరేళ్ల కిందటి సెల్ పనిచేసింది, ఇది మూడేళ్లకే పోయిందేం’ అనుకోవడంలో అర్థం లేదు. సెల్ కొనేటప్పుడు చూడవలసిన మొదటి అక్షరం ‘ఎల్’.

వాడకపోయినా సెల్ ఎందుకు తరుగుతుందో తెలియాలంటే దాని లోపలికి చూడాలి. బయటి ఉక్కు డబ్బా లోపలి గోడలకు మాంగనీస్ డయాక్సైడ్, గ్రాఫైట్ కలిపిన నల్లటి ముద్ద అతికించి ఉంటుంది. మధ్యలో జింకు పొడి కలిసిన జిగురు, దానిలోకి దిగిన ఇత్తడి మేకు. ఈ జిగురంతా గాఢమైన పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానుతూ ఉంటుంది. 1950ల చివర అమెరికాలో యూనియన్ కార్బైడ్ ప్రయోగశాలలో లూయిస్ అర్రీ అనే కెనడా ఇంజినీరు ఈ కూర్పును అమ్మకానికి పనికొచ్చేలా తీర్చిదిద్దాడు. జింకును రేకులా కాకుండా పొడిలా వాడటం అతని కిటుకు. పొడికి ఉపరితలం ఎక్కువ కాబట్టి సెల్ ఎక్కువ కరెంటు ఇవ్వగలిగింది.

అయితే ఆ ఎక్కువ ఉపరితలంతోనే ఒక చిక్కు కూడా వచ్చింది. క్షారద్రావణంలో నానే జింకు, సర్క్యూట్ ఏదీ కలపకపోయినా, తనంతట తాను నీటితో కొంచెం కొంచెంగా చర్య జరుపుతుంది:

Zn + 2H₂O + 2OH⁻ → Zn(OH)₄²⁻ + H₂

అంటే జింకు కరుగుతుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. కరిగిన జింకు మేరకు సెల్ శక్తి పోయినట్టే. ఈ చర్యను అణచడానికి పూర్వం జింకులో పాదరసం కలిపేవారు. పర్యావరణానికి చేటని 1990ల్లో దాన్ని తీసేశారు. ఇప్పుడు బాగా శుద్ధి చేసిన జింకులో ఇండియం, బిస్మత్ వంటి లోహాలను అతి కొద్దిగా కలుపుతున్నారు. ఇనుము వంటి మలినం రవ్వంత మిగిలినా వాయువు వేగంగా పుడుతుంది కాబట్టి, నిల్వకాలంలో పేరున్న సెల్లుకీ పేరులేని సెల్లుకీ వచ్చే తేడాలో ఈ శుద్ధి వాటా పెద్దది.

మరి ఏటా ఎంత పోతుంది? 20 డిగ్రీల దగ్గర ఉంచిన మంచి ఆల్కలైన్ సెల్లు ఏడాదికి రెండు మూడు శాతం కోల్పోతుంది. ఈ లెక్కన పదేళ్లు నిండేసరికి ముప్పావు వంతుకు కాస్త అటూ ఇటూగా శక్తి మిగులుతుంది. గడువు తేదీ దాటిన మర్నాడు సెల్లుకు ప్రత్యేకంగా జరిగేదేమీ లేదు. అదే రెండు మూడు శాతం పదకొండో ఏట కూడా తరుగుతుంది, అంతే.

ఇక్కడ మన ఎండలు అడ్డొస్తాయి. 20 డిగ్రీలు అనేది చల్లటి దేశాల గది. ఆంధ్ర, తెలంగాణల్లో చాలా ఊళ్ల సగటు ఏడాది పొడవునా చూస్తే 27, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. రసాయన చర్యల వేగం ప్రతి పది డిగ్రీలకీ ఇంచుమించు రెట్టింపవుతుందని ఒక మోటు సూత్రం ఉంది. దాన్ని ఇక్కడ వర్తింపజేస్తే, 20 డిగ్రీల దగ్గర ఏటా రెండున్నర శాతం తరిగే సెల్లు, 28 దగ్గర నాలుగు శాతం పైచిలుకు తరుగుతుంది. కొత్తలో 2500 మిల్లీఆంపియర్-గంటల సామర్థ్యం ఉన్న పెన్సిల్ సెల్లు చల్లటి గదిలో ఐదేళ్లున్నాక సుమారు 2200 మిగులుతుంది. మన ఇంటి సొరుగులో అదే ఐదేళ్లకు సుమారు 2000 మిగలవచ్చు. ఐదోవంతు పోయిందన్నమాట. ఇవి అంచనా లెక్కలే. అయినా కారు డాష్‌బోర్డులోనో, డాబా మీది రేకుల గదిలోనో, వంటింట్లో పొయ్యి పైన ఉన్న అలమరలోనో సెల్లులు దాచకూడదని చెప్పడానికి ఈ మాత్రం లెక్క చాలు.

ఆ ఐదోవంతు లోటు ఇంట్లో ఎక్కడ తెలుస్తుంది? అది వాడే వస్తువును బట్టి ఉంటుంది. గోడగడియారం సగటున 0.15 మిల్లీఆంపియర్ల కరెంటు లాగుతుందనుకుంటే, 2500 ఉన్న కొత్త సెల్లు దాన్ని దాదాపు 23 నెలలు నడుపుతుంది. 2000 మిగిలిన ఐదేళ్ల సెల్లు 18 నెలలు నడుపుతుంది. గడియారం ఎప్పుడు మార్చామో ఎవరికీ గుర్తుండదు కాబట్టి ఆ ఐదు నెలల తేడా ఎవరికీ పట్టదు. పాత సెల్లులను ఇలాంటి చోటే వాడుకోవాలి.

రిమోట్ సంగతి ఇంకా వింత. బటన్ నొక్కినప్పుడు తప్ప మిగతా సమయంలో అది లాగే కరెంటు చాలా స్వల్పం. సెల్ తనలో తాను పోగొట్టుకునే శక్తిని కరెంటుగా మార్చి చూస్తే, ఏటా రెండున్నర శాతం అంటే 2500 మీద 62 మిల్లీఆంపియర్-గంటలు, ఏడాదిలోని 8760 గంటలతో భాగిస్తే సుమారు 7 మైక్రోఆంపియర్లు. అరుదుగా వాడే రిమోట్‌లో పని కోసం ఖర్చయ్యేదీ, ఊరికే పోయేదీ దాదాపు ఒకే తూకంలో ఉండే సందర్భాలున్నాయి. అలాంటి చోట కొత్త సెల్లు వేసినా, మూడేళ్ల సెల్లు వేసినా ఫలితంలో పెద్ద తేడా ఉండదు.

తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది ఎక్కువ కరెంటు లాగే వస్తువుల్లో: టార్చిలైటు, కెమెరా ఫ్లాష్, మోటారు బొమ్మ. సెల్లు పాతబడ్డకొద్దీ సామర్థ్యం తగ్గడం ఒక్కటే కాదు, దాని అంతర్నిరోధం కూడా పెరుగుతుంది. నిరోధం 0.2 ఓమ్‌లున్న సెల్లు నుంచి ఒక ఆంపియర్ తీస్తే 0.2 వోల్టులు లోపలే పోతాయి. నిరోధం 0.4 అయితే 0.4 వోల్టులు పోతాయి. ఒక వోల్టు దిగితే ఆగిపోయే పరికరానికి ఆ తేడా చాలు. అందుకే టార్చిలో ‘అయిపోయిన’ సెల్లు తీసి గడియారంలో వేస్తే నెలల తరబడి నడుస్తుంది. ఇందులో మాయేమీ లేదు. కరెంటు తక్కువ లాగితే లోపల పోయే వోల్టేజీ కూడా తక్కువే.

సెల్లు బాగుందో లేదో చూడటానికి మల్టీమీటరు పెట్టి 1.5 వోల్టులు వచ్చాయి కాబట్టి బాగుందనుకోవడం తొందరపాటు. భారం లేకుండా కొలిస్తే సగం అయిపోయిన సెల్లు కూడా మర్యాదస్తుడిలా కనిపిస్తుంది. పది ఓమ్‌ల రెసిస్టరును సెల్లు రెండు కొసలకీ ఆనించి, కొన్ని సెకన్లు ఆగి కొలవాలి. 1.4 వోల్టుల పైన నిలబడితే నమ్మవచ్చు. 1.2కి జారితే దాన్ని గడియారానికి పంపడమే మేలు. కొందరు సెల్లును నేల మీద నిటారుగా వదిలి, ఎగిరితే పని అయిపోయినట్టు అంటారు. 2015లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని పరీక్షించారు. జింకు జిగురు గట్టిపడి జింకు ఆక్సైడ్‌గా మారినకొద్దీ సెల్లు ఎగరడం నిజమే. కానీ సగం శక్తి ఉండగానే ఆ ఎగురుడు గరిష్ఠానికి చేరిపోతుంది. ఎగిరిందంటే కొత్తది కాదని మాత్రమే అర్థం.

ఇక అసలు నష్టం శక్తి తగ్గడం కాదు, కారడం. పైన చెప్పిన హైడ్రోజన్ లోపలే చేరి ఒత్తిడి పెంచుతుంది. సెల్లు పగలకుండా, అడుగున ఉన్న నైలాన్ మూతలో పలుచటి భాగం ఒకటి తెగిపోయేలా ముందే ఏర్పాటు చేస్తారు. అది తెగితే వాయువుతో పాటు క్షారం కూడా బయటికి వస్తుంది. అలా తెగకపోయినా, ఏళ్ల తరబడి ఆ క్షారం ఇత్తడి మేకు వెంట మెల్లగా పాకుతూ వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పొటాషియం కార్బొనేట్‌గా మారి, సెల్లు చదునైన కొస, అంటే మైనస్ వైపు తెల్లటి పొడిగా గడ్డకడుతుంది. సొరుగు తెరిచినప్పుడు తేదీ కంటే ముందు చూడవలసింది ఆ చదునైన కొసనే. తేదీ ఎంత దూరంలో ఉన్నా, అక్కడ తెలుపు కనిపించిన సెల్లును వాడకూడదు.

సొరుగులో ఉన్న సెల్లు కంటే పరికరంలో మరిచిపోయిన సెల్లు ఎక్కువగా కారుతుంది. పూర్తిగా అయిపోయాక కూడా పరికరం కొద్దికొద్దిగా లాగుతూ ఉంటే లోపల వాయువు ఇంకా ఎక్కువ పుడుతుంది. పాత సెల్లునూ కొత్త సెల్లునూ వరసలో కలిపినా ఇదే ప్రమాదం. పాతది ముందు అయిపోతుంది, కొత్తది దాని గుండా ఇంకా కరెంటును తోస్తూ దాన్ని తిరగేస్తుంది. కారినచోట చేతికి తొడుగు వేసుకుని, నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ముంచిన దూదితో తుడిస్తే క్షారం విరుగుతుంది. ఆ తర్వాత కాస్త తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి.

ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా పాతది. చలికి చర్య నెమ్మదిస్తుందన్నది నిజమే కానీ ఏడాదికి మిగిలేది రెండు మూడు శాతం. బయటికి తీసినప్పుడు చెమ్మ పట్టి కొసలు తుప్పుపట్టే అవకాశం ఎక్కువ. చల్లటి గదిలో, అసలు ప్యాకెట్‌లోనే, తాళంచెవులూ చిల్లరా తగలకుండా ఉంచితే చాలు. గడువుకు దగ్గరపడ్డవి గడియారానికీ రిమోట్‌కీ వెళ్లాలి. కరెంటు పోయినప్పుడు తీసే టార్చిలో మాత్రం, తుపాను రోజుల ముందు, ఈ మధ్యే తయారైన సెల్లులు కొత్తగా వేయండి.