ప్రమోటర్ లేని కంపెనీ: ఐటీసీ మీద ఐదు పేజీల రిపోర్టు

ఎంబీఏలో చేరిన విద్యార్థికి తొలి సెమిస్టర్‌లోనే తగిలే పని ఒకటుంది. స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీని ఒకదాన్ని ఎంచుకోవాలి. అది ఏ రంగానికి చెందినది, దాని యజమానులెవరు, ఎక్కడ మొదలై ఎలా ఎదిగింది అన్నది నాలుగైదు పేజీల్లో రాయాలి. చూడ్డానికి తేలిక. అయితే ఎంచుకున్న కంపెనీ ఐటీసీ అయితే, ఈ మూడింటిలో దేనికీ ఒక్క వాక్యంలో జవాబు దొరకదు.

మొదట చూడాల్సినది కంపెనీ గుర్తింపు సంఖ్య. వార్షిక నివేదికలోనూ, కంపెనీ లెటర్‌హెడ్ మీదా కనిపించే ఈ సంఖ్యను చాలామంది దాటేసి వెళ్లిపోతారు. ఐటీసీది ఇదీ:

```
L16005WB1910PLC001985
```

మొదటి అక్షరం L అంటే లిస్టయిన కంపెనీ. తర్వాతి ఐదంకెలు పరిశ్రమను చెబుతాయి. వాటిలో 16తో మొదలయ్యేది పొగాకు ఉత్పత్తుల వర్గం. WB అంటే పశ్చిమ బెంగాల్‌లో నమోదు. 1910 స్థాపించిన ఏడాది. PLC అంటే పబ్లిక్ లిమిటెడ్. చివరి అంకెలు రిజిస్ట్రేషన్ సంఖ్య. రిపోర్టులో రావాల్సిన మూడు అంశాల తొలి ఆనవాళ్లూ ఈ ఒక్క వరుసలోనే ఉన్నాయి. మొదటి చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఇదే కంపెనీని ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో వెతికితే రంగం దగ్గర ‘ఎఫ్ఎంసీజీ’ అని, అంటే రోజువారీ వాడకం సరుకుల కంపెనీ అని ఉంటుంది. గుర్తింపు సంఖ్య పొగాకు అంటోంది, మార్కెట్ గోధుమపిండీ బిస్కెట్లూ అంటోంది. విద్యార్థి ఏది రాయాలి?

జవాబు కావాలంటే వార్షిక నివేదికలో విభాగాల వారీ లెక్కల పేజీ దాకా వెళ్లాలి. ఛైర్మన్ సందేశం, రంగుల ఫొటోలు దాటి ఎక్కడో రెండొందల పేజీల తర్వాత, చిన్న అక్షరాల్లో ఉండే పట్టిక అది. ఒకటికి మించి వ్యాపారాలున్న కంపెనీ ఏ వ్యాపారంలో ఎంత అమ్మిందో, ఎంత లాభం చేసిందో విడివిడిగా చూపాలన్నది అకౌంటింగ్ నిబంధన. 2023-24 లెక్కల్లో ఐటీసీ సిగరెట్ల అమ్మకాలు 30 వేల కోట్ల రూపాయలు పైబడ్డాయి. ఆశీర్వాద్ పిండి, సన్‌ఫీస్ట్ బిస్కెట్లు, బింగో చిప్స్, క్లాస్‌మేట్ నోటుపుస్తకాలు వంటివన్నీ కలిసిన ‘ఇతర ఎఫ్ఎంసీజీ’ విభాగం అమ్మకాలు సుమారు 21 వేల కోట్లు. ఇంతవరకే చూస్తే రెండూ మరీ అంత దూరంగా లేవు. పక్క వరుసలోని లాభం చూస్తే కథ మారిపోతుంది. సిగరెట్ల మీద వచ్చినది 18 వేల కోట్ల పైమాటే. పిండీ బిస్కెట్ల మీద వచ్చినది రెండు వేల కోట్ల లోపు. వంద రూపాయల పిండీ బిస్కెట్లు అమ్మితే మిగిలేది తొమ్మిది రూపాయలు కూడా లేదు. వంద రూపాయల సిగరెట్లు అమ్మితే మిగిలేది యాభైకి పైనే.

కాబట్టి ‘ఐటీసీ ఎఫ్ఎంసీజీ కంపెనీ’ అని రాసి ఊరుకుంటే తప్పు కాదు గానీ, అది సగం నిజం. అమ్మకాల వరుస చూసిన విద్యార్థి ఒక కంపెనీ గురించి రాస్తాడు, లాభాల వరుస కూడా చూసిన విద్యార్థి ఇంకో కంపెనీ గురించి రాస్తాడు. కేంద్ర బడ్జెట్‌లో సిగరెట్ల మీద పన్ను మాట వచ్చినప్పుడల్లా ఈ షేరు ఎందుకు ఉలిక్కిపడుతుందో రెండోవాడికే అర్థమవుతుంది.

అదే పట్టికలో ఇంకో చోట పొరపాటు జరుగుతుంటుంది. అన్ని విభాగాల అమ్మకాలూ కూడితే కంపెనీ మొత్తం అమ్మకాల కంటే ఎక్కువ వస్తాయి. లెక్క తప్పిందేమోనని కంగారు పడనక్కర్లేదు. ఐటీసీ విభాగాలు ఒకదానికొకటి సరుకు అమ్ముకుంటాయి. వ్యవసాయ విభాగం రైతుల దగ్గర కొన్న పొగాకు సిగరెట్ల విభాగానికి వెళ్తుంది. పేపరు విభాగం తయారుచేసిన అట్ట ప్యాకింగ్‌కు వెళ్తుంది. ఈ లోపలి అమ్మకాలను పట్టిక అడుగున విడిగా తీసేస్తారు. ఆ ఒక్క వరుసను గమనించకుండా గుండ్రటి చార్టు గీస్తే శాతాలన్నీ గాడి తప్పుతాయి.

ఈ లోపలి అమ్మకాల వెనక ఉన్నది కంపెనీ చరిత్రే, ఆ చరిత్రలో తెలుగు నేల వాటా చిన్నది కాదు. 1910 ఆగస్టు 24న కోల్‌కతాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా అన్న పేరుతో ఇది పుట్టింది. సిగరెట్లు చుట్టాలంటే ఆకు కావాలి. ఆకు కోసం 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. గుంటూరు, చీరాల, అనపర్తి వాసులకు ఐఎల్‌టీడీ అంటే వేరే వివరం అక్కర్లేదు. కోస్తా నల్లరేగడిలో వర్జీనియా పొగాకు పంట, దాన్ని ఉడికించే బ్యారన్లు, ఆకు గ్రేడింగ్ పనులు ఈ సంస్థతో పెనవేసుకుని పెరిగాయి. 1979లో భద్రాచలం పేపర్‌బోర్డ్స్‌ను ప్రమోట్ చేశారు. గోదావరి ఒడ్డున సారపాకలో ఉన్న ఈ మిల్లు ముందు వేరే కంపెనీగా నడిచి 2002లో మాతృసంస్థలో కలిసింది. సుబాబుల్, జామాయిల్ వేసిన రైతులకు ఐటీసీ అంటే సిగరెట్టు కన్నా ముందు గుర్తొచ్చేది ఆ మిల్లే.

పేరు కూడా వ్యాపారంతో పాటు మారుతూ వచ్చింది. 1970లో ఇండియా టొబాకో కంపెనీ, 1974లో ఐ.టి.సి. లిమిటెడ్, 2001లో మధ్య చుక్కలు కూడా తీసేసి ఐటీసీ. 1975లో చెన్నైలో హోటల్‌తో అతిథి సేవల్లోకి, 2002లో ఆశీర్వాద్‌తో పిండి వ్యాపారంలోకి దిగారు. ఈ ఏళ్లన్నీ వరుసగా రాసి పెడితే అది రిపోర్టు కాదు, జాబితా. ఏ మార్పు ఎందుకు జరిగిందో చెప్పాలంటే యజమానులెవరో తెలియాలి. మొత్తం వ్యవహారంలో అసలు ఆసక్తికరమైన భాగం అదే.

లిస్టయిన ప్రతి కంపెనీ మూడు నెలలు పూర్తయిన 21 రోజుల్లోగా తన వాటాదార్ల వివరాలను ఎక్స్ఛేంజీలకు ఇవ్వాలి. అందులో మొదటి పట్టిక ప్రమోటర్లది. రిలయన్స్‌లో అంబానీలు, టీసీఎస్‌లో టాటా సన్స్ ఉండే చోటు అది. ఐటీసీకి ఆ చోట సున్నా ఉంటుంది. నూటికి నూరు శాతం వాటాలూ ‘పబ్లిక్’ పట్టికలోనే ఉంటాయి. బ్రిటిష్ అమెరికన్ టొబాకో, అంటే బ్యాట్, ఐటీసీలో అతిపెద్ద వాటాదారు అని ఎక్కడో చదివిన విద్యార్థి ఆ పేరు కోసం వెతుకుతాడు. అదీ కనపడదు. కనపడేవి టొబాకో మాన్యుఫాక్చరర్స్ (ఇండియా), మిడిల్టన్ ఇన్వెస్ట్‌మెంట్, రోత్‌మన్స్ ఇంటర్నేషనల్ ఎంటర్‌ప్రైజెస్ అనే విదేశీ కంపెనీల పేర్లు. మూడూ బ్యాట్ గ్రూపువే. మూడింటినీ కూడితేనే బ్యాట్ వాటా తేలుతుంది. మొదటిదాన్ని మాత్రమే చూసి రాస్తే లెక్క తక్కువ పడుతుంది.

ఇదే పట్టికలో బీమా సంస్థల వరుస చూస్తే ఎల్ఐసీ దగ్గర సుమారు 15 శాతం ఉంది. ఎస్‌యూయూటీఐ అన్న పేరున మరో 8 శాతానికి దగ్గరగా ఉంది. పాత యూనిట్ ట్రస్టును విడదీసినప్పుడు దాని షేర్లలో కొన్నిటిని కేంద్ర ప్రభుత్వం తరఫున ఉంచిన సంస్థ అది. ఈ రెండూ కలిపితే బ్యాట్‌కు దీటుగా నిలుస్తాయి. ఒక సిగరెట్ కంపెనీలో ప్రభుత్వ సంస్థలు ఇంత వాటాతో ఎందుకున్నాయన్న ప్రశ్నకు జవాబు 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టంలో, అంటే ఫెరాలో ఉంది. విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలని ఆ చట్టం ఒత్తిడి తెచ్చింది. ఐటీసీలోనూ బ్రిటిష్ వాటా దిగివచ్చింది, ఆ ఖాళీలోకి దేశీయ ఆర్థిక సంస్థలు చేరాయి.

ఆ అమరిక విలువ 1990ల మధ్యలో తెలిసింది. బ్యాట్ తన వాటాను సగానికి పైగా పెంచుకోవాలని చూసింది. ఐటీసీ కొత్త వ్యాపారాల్లోకి వెళ్లడం దానికి నచ్చలేదు. యాజమాన్యానికీ బ్యాట్‌కూ బహిరంగంగానే పోరు నడిచింది. తుదకు ఆర్థిక సంస్థల మద్దతు ఎటువైపన్నదే తేల్చింది. బ్యాట్‌కు మెజారిటీ దక్కలేదు. 1996లో ఛైర్మన్ అయిన వై.సి. దేవేశ్వర్ హయాంలోనే పిండి, బిస్కెట్లు, ఇ-చౌపాల్ అన్నీ వచ్చాయి. రంగం పట్టికలో ఇవాళ కనిపించే ‘ఇతర ఎఫ్ఎంసీజీ’ వరుసకు మూలం వాటాదార్ల పట్టికలో ఉందన్నమాట. ఆ తర్వాత 2010లో సిగరెట్ తయారీలో విదేశీ ప్రత్యక్ష పెట్టుబడిని ప్రభుత్వం నిషేధించడంతో బ్యాట్‌కు వాటా పెంచుకునే దారి దాదాపుగా మూసుకుపోయింది.

పెంచుకోలేకపోయినా తగ్గించుకోవచ్చు. 2024 మార్చిలో బ్యాట్ 3.5 శాతం అమ్మింది. 29 శాతం దగ్గరున్నది 25.5కి దిగింది. అక్కడే ఎందుకు ఆగింది? ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే వ్యతిరేక ఓట్లకు అనుకూల ఓట్లు కనీసం మూడు రెట్లు ఉండాలన్నది కంపెనీల చట్టం. పావు వంతుకు మించి వ్యతిరేకిస్తే తీర్మానం వీగిపోతుంది. 25 శాతం చేతిలో ఉంటే పేరుకు ప్రమోటర్ కాకపోయినా అడ్డుకునే హక్కు ఉన్నట్టే. అయితే 2025 మేలో మరికొంత అమ్మి దాదాపు 23 శాతానికి వచ్చింది. ఆ హక్కు పోయిందని రాసేయాలనిపిస్తుంది, కానీ చట్టం లెక్కపెట్టేది పోలైన ఓట్లను మాత్రమే. వంద షేర్లలో 88 మాత్రమే ఓటేశాయనుకుంటే, అందులో పావు వంతు 22. దాన్ని దాటడానికి 23 చాలు. చిన్న వాటాదార్లు ఎంతమంది ఓటేస్తారన్న దాన్ని బట్టి బ్యాట్ బలం మారుతుంటుంది. అందుకే వాటా శాతం పక్కనే, గత సమావేశంలో ఎన్ని ఓట్లు పోలయ్యాయో కూడా విద్యార్థి రాసుకోవాలి. ఎక్స్ఛేంజీ సైట్‌లో ఓటింగ్ ఫలితాలు తీర్మానాల వారీగా ఉంటాయి.

తేదీ విషయంలోనూ జాగ్రత్త కావాలి. 2025 జనవరి 1 నుంచి హోటళ్ల వ్యాపారం వేరే కంపెనీ అయ్యింది. ప్రతి పది ఐటీసీ షేర్లకు ఒక ఐటీసీ హోటల్స్ షేరు వాటాదార్లకు వచ్చింది, 40 శాతం ఐటీసీయే ఉంచుకుంది. ఆ తేదీకి ముందటి విభాగాల పట్టికను, తర్వాతి పట్టికను పక్కపక్కన పెట్టి పోల్చితే హోటళ్లు మాయమైనట్టు కనిపిస్తాయి.

ఓటింగ్ ఫలితాలు చూసేటప్పుడు తప్పకుండా వెతకాల్సిన తీర్మానం ఒకటుంది. ఐటీసీ మన దేశపు పొగాకు ఆకును బ్యాట్ గ్రూపు కంపెనీకి అమ్ముతుంది. పెద్ద వాటాదారుతో జరిగే పెద్ద లావాదేవీ కాబట్టి సెబీ నిబంధన ప్రకారం దానికి వాటాదార్ల ఆమోదం కావాలి. ఆ ఓటింగ్‌లో లావాదేవీకి ఆమోదం తెలిపే వీలు సంబంధిత పక్షాలకు ఉండదు. అక్కడ బ్యాట్ దగ్గరున్న షేర్లు ఎన్నైనా లెక్కలోకి రావు. ఆ ఆకు అమ్మకం సాగాలా వద్దా అన్నది ఎల్ఐసీ, మ్యూచువల్ ఫండ్లు, డీమ్యాట్ ఖాతాలో యాభై షేర్లున్న మామూలు మదుపరి కలిసి తేల్చాల్సిందే.