కళ్ళ వెనక తలనొప్పి: చోటు ఒకటే, నొప్పులు మూడు

మన క్లాసులో ఎవరినైనా "తలనొప్పి ఎక్కడ?" అని అడిగి చూడండి. చాలామంది రెండు వేళ్ళు కనుబొమ్మల మీద పెట్టి "ఇక్కడే, కళ్ళ వెనకాల" అంటారు. అసైన్‌మెంట్లు టైపు చేసే వారంలో ఈ మాట ఇంకా ఎక్కువ వినిపిస్తుంది. పక్కనున్న వాళ్ళు వెంటనే తీర్పు కూడా చెప్పేస్తారు. ఒకరు "ఫోన్ చూసి చూసి కళ్ళు పాడయ్యాయి, అద్దాలు పెట్టించుకో" అంటే, ఇంకొకరు "సైనస్ అయ్యుంటుంది" అంటారు. నొప్పి ఉన్న చోటును పట్టుకుని ఇలా చెప్పడం కుదరదు. ఎందుకు కుదరదో, మరి దేన్ని పట్టుకుని చెప్పవచ్చో రాస్తాను.

కంటికీ, నుదుటికీ, మెదడును చుట్టి ఉన్న పొరకీ సంబంధించిన నొప్పి కబురును మోసేది ముఖ్యంగా ఒకే నరం. దాని పేరు ట్రైజెమినల్ నరం. మెడ పైభాగం నుంచి వచ్చే నరాలు కూడా మెదడు కింది భాగంలో ఇంచుమించు అక్కడికే వచ్చి కలుస్తాయి. మూడు ఊళ్ళ ఉత్తరాలు ఒకే పోస్టాఫీసులో పడి, పంపినవాళ్ళ అడ్రసు చెరిగిపోతే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. కన్ను అలిసినా, మెడ కండరం బిగిసినా, మైగ్రేన్ మొదలైనా మనకు మాత్రం "కళ్ళ వెనక" అనే తెలుస్తుంది. కాబట్టి ఎక్కడ అన్నది పక్కన పెట్టి ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, నొప్పి ఉన్నప్పుడు మీరు ఏం చేయగలిగారు అని అడగాలి.

ముందు నిజంగా కంటి వల్ల వచ్చేదాన్ని చూద్దాం. దగ్గరి వస్తువు స్పష్టంగా కనపడాలంటే కంటి లోపల ఒక చిన్న కండరం బిగుసుకుని కటకాన్ని ఉబ్బించాలి. వస్తువు ఎంత దగ్గరైతే కండరానికి అంత పని. అర మీటరు దూరంలో ఉన్న ల్యాప్‌టాప్‌కి 2 డయాప్టర్ల పని కావాలి. మంచం మీద పడుకుని 25 సెంటీమీటర్లలో పట్టుకున్న ఫోనుకి 4 డయాప్టర్లు కావాలి. దూరం సగమైతే పని రెండింతలు అన్నమాట. దీనికి తోడు స్క్రీన్ చూసేటప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు వేసే రెప్ప సగానికి, ఇంకా కిందికి కూడా పడిపోతుంది. కంటి మీది తడి ఆరిపోయి మంట పుడుతుంది. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి కొడుతుంటే ఇంకా తొందరగా ఆరిపోతుంది.

ఈ నొప్పికి ఒక మంచి గుర్తు ఉంది. పొద్దున నిద్ర లేచేటప్పటికి ఉండదు. పని మొదలుపెట్టిన గంటకో రెండు గంటలకో మెల్లగా వస్తుంది, పని ఆపి దూరంగా చూస్తూ కూర్చుంటే తగ్గిపోతుంది. తల ఎత్తి బోర్డు చూస్తే కాసేపు అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి. కళ్ళు మండుతాయి, బరువెక్కుతాయి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. "నాకు 6/6 ఉంది, కాబట్టి కళ్ళలో దోషం లేదు" అనుకుంటాం. గోడ మీది అక్షరాలు చదివించేది దూరపు చూపు పరీక్ష. కొద్దిగా ప్లస్ పవర్ ఉన్న కన్ను మన వయసులో ఆ లోటును కండరం బలంతో పూడ్చేసుకుంటుంది, అందుకే చార్టంతా చదివేస్తుంది. కానీ ఆ కండరం రోజంతా అదనపు పని చేస్తూనే ఉంటుంది. ఇది బయటపడాలంటే చుక్కల మందు వేసి కండరాన్ని వదులు చేసి పరీక్ష చేయాలి. రెండు కళ్ళూ కలిసి ముక్కు వైపు తిరగడంలో ఉండే బలహీనత కూడా చార్టులో దొరకదు. పెన్ను కొనను చూస్తూ మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చుకోండి. 10 సెంటీమీటర్ల కంటే దూరంలోనే అది రెండుగా కనబడుతుంటే ఆ సంగతి కంటి డాక్టరుకు చెప్పండి.

టెన్షన్ తలనొప్పి పేరు చూసి అది దిగులు వల్లనే వస్తుందనుకోకూడదు. దిగులు ఒక కారణం కావచ్చు, కానీ తల, మెడ చుట్టూ కండరాలు బిగిసి నొక్కితే నొప్పిగా ఉండటం ఇందులో ఎక్కువగా కనిపిస్తుంది. రెండు పక్కలా, తలకు బిగుతుగా గుడ్డ కట్టినట్టు ఒత్తుతుంది గానీ కొట్టుకోదు. అరగంటలో పోవచ్చు, రోజుల తరబడి కూడా ఉండవచ్చు. వాంతి రాదు. దీన్ని గుర్తుపట్టడానికి మెట్ల పరీక్ష చాలు. ఈ నొప్పితో మూడో అంతస్తు ఎక్కినా అది పెరగదు. విసుక్కుంటూనే క్యాంటీన్‌కి వెళ్తాం, కబుర్లు చెప్తాం. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని మెడ వంచి కూర్చునేవాళ్ళలో ఇది చాలాసార్లు మెడ వెనక మొదలై ముందుకు వస్తుంది.

మైగ్రేన్‌కి మన భాషల్లో ఉన్న పేర్లే మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. తెలుగులో ఒంటితలనొప్పి, పుస్తకాల్లో పార్శ్వపు నొప్పి. మా ఇంట్లో తమిళంలో "ఒత్తై తలైవలి" అంటారు, దానర్థం కూడా ఒంటి నొప్పే. అందువల్ల రెండు పక్కలా నొప్పి వస్తే "ఇది మైగ్రేన్ కాదులే" అని వదిలేస్తాం. నిజానికి మైగ్రేన్ రెండు పక్కలా రావచ్చు. చూడవలసిన లక్షణాలు వేరే ఉన్నాయి. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. నాడి కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది. మెట్లెక్కితే, వంగితే పెరుగుతుంది. కడుపులో తిప్పుతుంది, లేకపోతే వెలుతురూ చప్పుడూ రెండూ భరించలేం. చీకటి గదిలో కదలకుండా పడుకోవాలనిపిస్తుంది. సైనస్ అని పేరు పెట్టుకుని తిరిగేవాళ్ళలో చాలామందికి అసలు ఉన్నది ఇదే, ఎందుకంటే మైగ్రేన్‌లో కూడా ముక్కు కారడం, కళ్ళు నీళ్ళు పెట్టుకోవడం ఉంటాయి.

మూడూ ఒకే మనిషిలో ఎలా కలిసి ఉంటాయో చూడటానికి నా స్నేహితురాలి లెక్క ఇస్తున్నాను. పేరు వద్దంది, లెక్క రాయమంది. ఆమె 28 రోజులు నోటుబుక్కులో తలనొప్పి ఎప్పుడు మొదలైందీ, ఎప్పుడు తగ్గిందీ, అంతకుముందు ఏం చేస్తోందీ, మెట్లెక్కితే పెరిగిందా, తిప్పిందా, ఏ మాత్ర వేసుకుందీ, నెలసరి తేదీ, ఇవన్నీ రాసుకుంది. మొత్తం 13 రోజులు తలనొప్పి. మొదట్లో అన్నింటికీ ఆమె పెట్టిన పేరు "కంప్యూటర్ తలనొప్పి".

అందులో 7 రోజులు ఒకే తీరు. పాత పుస్తకాల స్కాన్ కాపీలు చూసి టైపు చేస్తూ రెండు గంటలు గడిచాక సాయంత్రం నాలుగు ప్రాంతంలో వచ్చింది. కళ్ళ మంట ఉంది, ఆపిన గంట లోపల పోయింది. 3 రోజులు సెమినార్ వారంలో వచ్చాయి. అప్పుడు తల చుట్టూ బిగుతు, సాయంత్రం నుంచి పడుకునేదాకా, అయినా మెస్‌కి వెళ్ళి తింది. మిగిలిన 3 రోజులు వేరు. ఒకటి నెలసరికి ముందురోజు పొద్దున మొదలై మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంది. ఇంకొకటి ఇంటర్నల్ పరీక్షలు అయిపోయిన శనివారం, ఆలస్యంగా నిద్ర లేచాక వచ్చింది. రెండుసార్లూ వాంతి అయింది. ముందురోజు ఆవులింతలు, మెడ పట్టేసినట్టు ఉండటం కూడా రాసుకుంది. ఇలాంటివి ప్లస్ టూ నుంచీ వస్తున్నాయని తర్వాత గుర్తు చేసుకుంది.

ఈ మూడు రోజుల్లోనే అసలు విషయం ఉంది. ఆ శనివారం ల్యాప్‌టాప్ తెరవగానే నొప్పి భరించలేకపోయింది, అందుకే తప్పు స్క్రీన్ మీదికి పోయింది. కానీ నోటుబుక్కులో టైము చూస్తే నొప్పి ల్యాప్‌టాప్ తెరవక ముందే మొదలైంది. వెలుతురు పడకపోవడం మైగ్రేన్ లక్షణం కాబట్టి స్క్రీన్ కష్టంగా అనిపించింది. నెలసరి ముందు ఈస్ట్రోజెన్ ఒక్కసారి పడిపోవడం, పరీక్షల ఒత్తిడి ఒక్కసారి తొలగడం, నిద్ర వేళ మారడం, ఇవి మైగ్రేన్‌ను రేపేవి.

ఆ నోటుబుక్కు తీసుకుని వెళ్తే కంటి డాక్టరు చుక్కల మందు వేసి రెండు కళ్ళలోనూ +1.00 ఉందని చెప్పారు. చార్టులో ఆమెది 6/6. దగ్గరి పనికి అద్దాలు వచ్చాయి. తర్వాతి నాలుగు వారాల్లో సాయంత్రపు నొప్పి 7 రోజుల నుంచి 2 రోజులకు తగ్గింది. మైగ్రేన్ మాత్రం ఎప్పటిలాగే రెండుసార్లు వచ్చింది. అద్దాలతో అది పోదు. దానికి వేరే డాక్టరు దగ్గర వేరే మందు తీసుకుంది, నొప్పి ముదిరాక కాకుండా మొదలైన వెంటనే వేసుకోమన్నారు.

కంటి అలసటకు మనం చేసుకోగలిగింది కొంచెమే గానీ పనికొస్తుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడాలి. స్క్రీన్ చేయి చాపినంత దూరంలో, కంటి మట్టానికి కాస్త కిందుగా ఉండాలి. నీలికాంతిని ఆపే అద్దాలు కొందామని కొందరు అడిగారు. 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 17 పరీక్షలను కలిపి చూస్తే, మామూలు అద్దాలతో పోల్చినప్పుడు కంటి అలసటలో తేడా ఏమీ ఉండకపోవచ్చని తేలింది. ఆ డబ్బు సరైన కంటి పరీక్షకు పెట్టడం మేలు.

మాత్రల సంగతి హాస్టల్లో ఉన్నవాళ్ళు తప్పక గమనించాలి. నెలలో 15 రోజులు, అంతకంటే ఎక్కువ పారాసిటమాల్ లాంటివి మూడు నెలలు వేసుకుంటూ పోతే ఆ మాత్రలే కొత్త తలనొప్పి తెస్తాయి, ముఖ్యంగా ముందే మైగ్రేనో టెన్షన్ తలనొప్పో ఉన్నవాళ్ళకి. కెఫీన్, ఇంకో మందు కలిపి ఉండే మాత్రలకైతే 10 రోజులే హద్దు. నా స్నేహితురాలు ఆ 28 రోజుల్లో 9 రోజులు వేసుకుంది, అదీ కెఫీన్ కలిసిన రకం. మాత్ర అట్ట వెనక చూస్తే ఏమేం కలిసి ఉన్నాయో రాసి ఉంటుంది.

నోటుబుక్కు పెట్టుకుని ఎదురు చూడకూడనివి కొన్ని ఉన్నాయి. క్షణాల్లో పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ బిగిసిపోవడం, మాట తడబడటం, చేయి పడిపోవడం, కన్ను ఎర్రబడి దీపాల చుట్టూ వలయాలు కనబడటం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. పడుకుంటే పెరిగే నొప్పి, వంగి లేచినప్పుడు కళ్ళ ముందు క్షణంసేపు చీకటి కమ్మడం, చెవుల్లో గుండె చప్పుడులా హోరు, ఇవి కలిసి ఉంటే తల లోపల ఒత్తిడి పెరిగిందేమో చూడాలి. ఇటీవల బరువు పెరిగిన మన వయసు ఆడవాళ్ళలో ఇది కనబడుతుంది, ఆలస్యం చేస్తే చూపు దెబ్బతింటుంది. ఇంకొకటి, నొప్పికి ముందు ఇరవై, ముప్పై నిమిషాలు వంకర టింకర వెలుగు గీతలు కనబడేవాళ్ళు పీసీఓడీకి హార్మోన్ మాత్రలు వాడుతుంటే ఆ గీతల సంగతి లేడీ డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఆ మైగ్రేన్ ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజెన్ మాత్రలు పక్షవాతం ముప్పును పెంచుతాయి, అందుకని డాక్టర్లు సాధారణంగా వేరే మందుకు మారుస్తారు.