పెద్ద ఊపు కాదు, దాని ముందున్న చిన్న వణుకు

సీస్మోగ్రాఫ్ డ్రమ్ము మీద చుట్టిన కాగితాన్ని ఎవరో ఫొటో తీసి పంపారనుకోండి. ఎవరి చూపైనా ముందు గీత నల్లగా, వెడల్పుగా ఊగిపోయిన చోటికే పోతుంది. మనం వెతకాల్సింది మాత్రం అంతకుముందు, గీత ఇంకా సన్నగా వణకడం మొదలైన చోటు.

ఆ కాగితాన్ని పుస్తకం చదివినట్టే ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చదవాలి. డ్రమ్ము ఒక చుట్టు తిరగడానికి 15 నిమిషాలు పడితే ఒక్కో వరుసలో 15 నిమిషాలు ఉంటాయి. కుడి అంచున మొదలైన కంపం కింది వరుసలో ఎడమ అంచు నుంచి కొనసాగుతుంది. వరుస పొడవునా నిమిషానికోసారి గీత చిన్న గడపలా లేచి, ఒకటి రెండు సెకన్లలో దిగిపోతుంది. అది నేల కదలిక కాదు, గడియారం పెట్టిన గుర్తు. మన కొలబద్ద అదే.

ఉదాహరణకు 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో వచ్చిన భూకంపాన్ని తీసుకుందాం. తీవ్రత 5.3. సమయం ఉదయం 7:27. హైదరాబాద్‌కు అక్కడి నుంచి సుమారు 210 కిలోమీటర్లు. ఇకపై చెప్పే మిల్లీమీటర్లు మాత్రం హైదరాబాద్‌లోని ఒక యంత్రం కాగితంపై ఎలా ఉంటాయో అభ్యాసం కోసం నేను లెక్కగట్టుకున్నవి. కాగితం మీద 7:27 కోసం వెతికితే దొరకదు. భూకంపాలను నమోదు చేసే కేంద్రాలు అంతర్జాతీయ ప్రామాణిక కాలాన్ని వాడతాయి కాబట్టి, ఐదున్నర గంటలు తీసేసి 1:57 గుర్తు దగ్గర చూడాలి.

ఫొటో ప్రింటు మీద 1:57 గుర్తుకూ 1:58 గుర్తుకూ మధ్య స్కేలు పెడితే 48 మిల్లీమీటర్లు వచ్చింది. 60 సెకన్లను 48తో భాగిస్తే మిల్లీమీటరుకు 1.25 సెకన్లు. ఈ కొలత కంపం ఉన్న చోటే తీసుకోవాలి. డ్రమ్ము గుండ్రం కాబట్టి ఫొటోలో అంచుల వైపు నిమిషాలు కుంచించుకుపోతాయి. ఫోన్ కాస్త వంచి పట్టుకుని తీసినా అంతే.

1:57 గుర్తు దాటాక 30వ మిల్లీమీటరు దగ్గర, నిదానంగా సాగుతున్న గీత ఉన్నట్టుండి సన్నగా, దగ్గరదగ్గరగా వణకడం మొదలుపెట్టింది. అది పి తరంగం. ఊపు క్రమంగా పెరిగి క్రమంగానే తగ్గితే అనుమానించాలి. పక్క రోడ్డు మీద లారీ పోయినా గీత అలాగే ఉబ్బుతుంది.

ఎస్ తరంగాన్ని పట్టుకోవడం దీనికన్నా కష్టం. పి తరంగం తోక ఇంకా ఆడుతుండగానే ఎస్ వచ్చి దాని మీద పడుతుంది. అప్పుడు ఊపు పెరగడమే కాదు, అలల నడక కూడా మారుతుంది. దగ్గరదగ్గరగా ఉన్నవి కాస్త విడివిడిగా, బరువుగా ఊగుతాయి. ప్రింటును కంటి ఎత్తుకు తెచ్చి, గీత వెంబడి ఏటవాలుగా చూస్తే ఆ మార్పు కొంత తేలిగ్గా కనిపిస్తుంది.

మన కాగితంలో ఎస్ 50వ మిల్లీమీటరు దగ్గర ఉంది. సరిగ్గా ఇక్కడే ఒక ఉచ్చు. 48 దగ్గర 1:58 నిమిషం గుర్తు ఉంది కదా, తొందరపడితే ఆ గడపనే ఎస్ అనుకుంటాం. అనుమానం వస్తే పై వరుసల్లోని నిమిషం గుర్తులతో పోల్చాలి. గడియారం గుర్తు ఎత్తు, వెడల్పు ప్రతిచోటా ఒకేలా ఉంటాయి.

పి నుంచి ఎస్ వరకు 20 మిల్లీమీటర్లు, అంటే 25 సెకన్లు. రాతి పొరల్లో పి సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ఎస్ 3.5 కిలోమీటర్లు పోతాయి. ఒకే చోట ఒకేసారి బయల్దేరినా దూరం పెరిగేకొద్దీ ఎస్ వెనకబడుతుంది. ఈ వేగాలతో లెక్క కడితే సెకను తేడాకు 8.4 కిలోమీటర్ల దూరం. 25ను 8.4తో గుణిస్తే 210. పి ఆ దూరం రావడానికి 35 సెకన్లు పడుతుంది. అది 1:57 దాటిన 37.5 సెకన్లకు చేరింది కాబట్టి, నేల కదిలింది 1:57 దాటిన రెండు మూడు సెకన్లకు. నిమిషం గుర్తునే ఎస్ అనుకుని ఉంటే తేడా 18 మిల్లీమీటర్లే వచ్చేది, దూరం 189 కిలోమీటర్లు అయ్యేది. రెండు మిల్లీమీటర్ల పొరపాటుకు 21 కిలోమీటర్లు!

ఈ లెక్క కొన్ని వందల కిలోమీటర్ల లోపే పనికొస్తుంది. అంతకన్నా దూరం నుంచి వచ్చే తరంగాలు లోతైన పొరల్లోకి దిగి, వేగం పెంచుకుని వస్తాయి. వాటికి ప్రయాణ కాలాల పట్టికలు వేరే ఉన్నాయి.

210 కిలోమీటర్లు అని తేలినా, ఏ దిక్కునో ఈ గీత చెప్పదు. 1993లో లాతూరు జిల్లా కిల్లారిలో వచ్చిన భూకంపం హైదరాబాద్‌కు పడమటి వైపు, దాదాపు ఇంతే దూరంలో పుట్టింది. ములుగు ఈశాన్యాన ఉంది. మన ఫొటో కొలతతో చూస్తే ఆ రెంటి మధ్య తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే. అందుకే పటం మీద హైదరాబాద్ కేంద్రంగా 210 కిలోమీటర్ల వృత్తం గీసి, మరో రెండు కేంద్రాల కాగితాలు వచ్చేదాకా ఆగాలి. మూడు వృత్తాలూ కలిసే చోటు తెలిస్తేనే ఊరి పేరు చెప్పగలం.