ఫోరింట్లలో జీతం, ఫ్రాంకుల్లో అప్పు

హంగేరీలో 2008 ప్రాంతంలో ఇల్లు కొనాలనుకున్నవాళ్లకి బ్యాంకులు రెండు రకాల అప్పులు చూపించేవి. ఒకటి సొంత కరెన్సీ అయిన ఫోరింట్లలో, రెండోది స్విస్ ఫ్రాంకుల్లో. మొదటిదానికి వడ్డీ ఎక్కువ, రెండోదానికి సగానికి అటూ ఇటూ. ఎక్కువ మంది రెండోదానికే సంతకం పెట్టారు. వాళ్లలో స్విట్జర్లాండ్ మొహం చూసినవాళ్లు చాలా తక్కువ.

దీన్ని దురాశ అనుకోనక్కర్లేదు. ఇళ్ల రుణాల మీద ప్రభుత్వం ఇస్తూ వచ్చిన వడ్డీ రాయితీకి 2003 చివర్లో కోత పడింది. ఫోరింట్ అప్పు భారమైంది. 2004లో దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరింది. ఇంకొన్నేళ్లలో యూరో కూడా వచ్చేస్తుందని అందరూ నమ్మారు. అలాంటప్పుడు ఫోరింట్ పడిపోతుందేమోనన్న భయం ఎవరికుంటుంది?

లెక్క వేసి చూద్దాం. కుటుంబం నేను ఊహించినదే అయినా, మారకం రేట్లు అప్పటివాటికి దగ్గరగానే ఉన్నాయి. ఇంటికి కావలసింది 90 లక్షల ఫోరింట్లు, గడువు 20 ఏళ్లు. ఫోరింట్ అప్పుకి వడ్డీ 12 శాతం అనుకుంటే నెల వాయిదా సుమారు 99 వేల ఫోరింట్లు. అదే ఫ్రాంకుల్లో అయితే, ఫ్రాంక్ 150 ఫోరింట్లు పలుకుతుంటే అప్పు 60,000 ఫ్రాంకులు. వడ్డీ 6 శాతం, వాయిదా 430 ఫ్రాంకులు, అంటే సుమారు 64,500 ఫోరింట్లు. నెలకి 34 వేలకి పైగా మిగులు. పిల్లల చదువుకో, కారుకో పనికొచ్చే డబ్బు అది. బ్యాంకు గుమస్తా ఈ రెండు అంకెలూ పక్కపక్కనే రాసి చూపిస్తే రెండోది వద్దనడం కష్టమే.

ఫోరింట్ పడకుండా ఉంటే ఈ మిగులు నిజమే. అది ఏటా దాదాపు 6 శాతం చొప్పున పడుతూ పోతే మాత్రం 20 ఏళ్లకి రెండు అప్పులూ ఒకటే ఖర్చవుతాయి. వడ్డీలో ఉన్న తేడా అంతా మారకం నష్టానికి సరిపోతుంది. అసలు వడ్డీలో అంత తేడా ఎందుకుందో ఆ గుమస్తాని అడగాల్సింది. ద్రవ్యోల్బణం ఎక్కువగా ఉండి, విలువ పడిపోతుందన్న అనుమానం ఉన్న కరెన్సీలో అప్పిచ్చేవాడు ఆ నష్టానికి కూడా కలిపి వడ్డీ అడుగుతాడు. ఫ్రాంకులు తీసుకున్నవాడు ఆ వడ్డీ తప్పించుకున్నాడు గానీ, దాని వెనక ఉన్న నష్టభయాన్ని తన నెత్తికెత్తుకున్నాడు.

కరెన్సీ ఏడాదికింత అని క్రమంగా పడితే గొడవే లేదు. అది కొన్నేళ్లు కదలకుండా ఉండి ఒక్కసారిగా కూలుతుంది. 2008 శరదృతువులో ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు డబ్బున్నవాళ్లంతా భద్రత కోసం ఫ్రాంకుల వైపు పరుగెత్తారు. ఫోరింట్ జారిపోయింది. దాన్ని నిలబెట్టడానికి హంగేరీ కేంద్ర బ్యాంకు ఆ అక్టోబరులో వడ్డీ రేటుని 8.5 నుంచి 11.5 శాతానికి పెంచింది. 2011 చివరికి ఫ్రాంక్ 240 ఫోరింట్లు దాటింది.

మన ఊహా కుటుంబం మూడేళ్లు ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టిందనుకుందాం. వాయిదా ఇప్పటికీ 430 ఫ్రాంకులే, కానీ ఫోరింట్లలో లక్షా మూడు వేలు. ఫోరింట్ అప్పు తీసుకున్న పొరుగింటివాళ్ల వాయిదాని దాటిపోయింది. అసలు దెబ్బ వాయిదాలో లేదు, మిగిలిన అప్పులో ఉంది. కట్టాల్సింది ఇంకా సుమారు 54,900 ఫ్రాంకులు. 240 లెక్కన ఒక కోటీ 31 లక్షల ఫోరింట్లు! 90 లక్షలు తీసుకుని, మూడేళ్లు కట్టి, ఇంకా కోటీ 31 లక్షలు బాకీ. పొరుగింటివాళ్ల బాకీ 86 లక్షలకి దిగింది. మొదటి మూడేళ్లూ వాయిదా అస్సలు పెరగలేదనుకున్నా మిగిలింది పన్నెండున్నర లక్షలు. దానికి బదులుగా బాకీ 45 లక్షలు ఎక్కువ.

అలాంటప్పుడు ఇల్లు అమ్మేసి బయటపడొచ్చు కదా? ఆ దారీ మూసుకుపోయింది. ఫోరింట్‌ని కూల్చిన సంక్షోభమే ఇళ్ల ధరల్నీ కూల్చింది, ఉద్యోగాల్నీ తీసింది. విదేశీ కరెన్సీ అప్పులో నాకు అన్నిటికన్నా ప్రమాదంగా కనిపించేది ఇదే. వాయిదా పెరిగేది సరిగ్గా జీతం మీద నమ్మకం పోయిన రోజుల్లోనే.

ఇది చాలదన్నట్టు ఒప్పందంలో చిన్న అక్షరాల మెలిక ఇంకొకటి ఉండేది. బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు ఫ్రాంక్‌ని తన కొనుగోలు రేటుకి లెక్కగట్టేది, వాయిదా తీసుకునేటప్పుడు అమ్మకం రేటుకి. ఆ రెండు రేట్ల మధ్య తేడా నెల నెలా బ్యాంకు జేబులోకి. నిజానికి చాలా అప్పుల్లో ఏ ఫ్రాంకూ చేతులు మారలేదు. తీసుకున్నదీ ఫోరింట్లే, కట్టిందీ ఫోరింట్లే. వడ్డీని తన ఇష్టప్రకారం పెంచుకునే హక్కు కూడా బ్యాంకు రాసుకుంది. 2014లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, ఆ తర్వాత హంగేరీ సుప్రీంకోర్టు ఈ షరతుల్ని తప్పుబట్టడంతో బ్యాంకులు అదనంగా గుంజిన డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది.

ప్రభుత్వం 2011లోనే ఒక దారి తెరిచింది. ఫ్రాంక్‌కి 180 ఫోరింట్ల లెక్కన అప్పు మొత్తం ఒకేసారి కట్టేసి బయటపడొచ్చు, తేడా బ్యాంకు భరించాలి. కానీ అంత సొమ్ము చేతిలో ఉన్నవాళ్లకే అది పనికొచ్చింది. మిగతావాళ్ల అప్పుల్ని 2014 నవంబరులో ఫ్రాంక్‌కి సుమారు 256 ఫోరింట్ల రేటుకి బిగించి ఫోరింట్లలోకి మార్చారు. చాలా చెడ్డ రేటని అప్పుడు గొణిగారు. రెండు నెలలు తిరక్కుండా, 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు ఫ్రాంక్ విలువకి తాను వేసిన కట్టడి ఎత్తేసింది. ఒక్క రోజులో ఫ్రాంక్ 300 ఫోరింట్లు దాటింది. అప్పుల్ని అలా మార్చుకోని పోలండ్‌లో, 2008లో రెండు జ్లోటీలకి దొరికిన ఫ్రాంక్ నాలుగు దాటింది. అక్కడి జనం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు.

మన దగ్గర జీతం రూపాయల్లో వచ్చే మనిషికి డాలర్ల ఇంటి అప్పు బ్యాంకులు మామూలుగా ఇవ్వవు, అది మన అదృష్టం. ఈ ప్రశ్న ఎదురయ్యేది అమెరికాలో ఉంటూ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాటు కొనే మనవాళ్లకి. అక్కడి ఇంటి మీద 7 శాతానికి డాలర్లు తేవాలా, ఇక్కడ 9 శాతానికి రూపాయలు తీసుకోవాలా? 2005లో డాలరు 44 రూపాయలకి అటూ ఇటూ, 2025లో 85 దాటింది. ఏటా మూడున్నర శాతానికి కాస్త తక్కువ. జీతం డాలర్లలో వచ్చేవాడికి ఆ లెక్కన 9 శాతం రూపాయి అప్పు అయిదున్నర శాతం డాలరు అప్పుతో సమానం. కనక రూపాయి అప్పే చవక. రాబోయే ఇరవై ఏళ్లూ అలాగే ఉంటాయని మాత్రం ఎవరూ చెప్పలేరు. 2003లో 48 దగ్గరున్న డాలరు 2007 చివరికి 40 లోపుకి వచ్చింది కూడా. అయినా, రూపాయి బలపడి ఈ లెక్క తప్పినా అతని సంసారం కూలదు.

అదే మనిషి వీసా తెగో, తల్లిదండ్రుల కోసమో తిరిగొచ్చేసి ఇక్కడ రూపాయల జీతానికి చేరితే, అక్కడ మిగిల్చిన డాలరు అప్పు ఆ రోజు నుంచి హంగేరీ అప్పే. పైగా తాకట్టులో ఉన్నది అక్కడి ఇల్లు. కాబట్టి తిరిగి రావాలన్న ఆలోచన కాస్త ఉన్నా, వడ్డీలో రెండు శాతం కలిసొస్తుందని డాలర్లలో ఇరవై ఏళ్ల అప్పు చెయ్యకండి. ఇప్పటికే చేసి ఉంటే, విమానం ఎక్కేలోపు తీర్చేసి రండి.